ఒక్క పక్క పట్టాతో బోగీల సర్దుబాటు

బోగీలు ఒక్కొక్కటిగా ఎడమ నుంచి వస్తాయి. కుడివైపు 1, 2, 3 వరుసలో వెళ్లాలి. మధ్యలో ఒక చివర మూసేసిన పక్క పట్టా ఉంది. దానిలోకి చివర వెళ్లినదే ముందు బయటికి రావాలి. కుడివైపు వెళ్లిన బోగీ వెనక్కి రాదు.

4, 1, 3, 2 వరుసలో వచ్చాయనుకోండి. 4ను పక్క పట్టాలోకి తోస్తాం. 1 నేరుగా వెళ్లిపోతుంది. 3ను, దాని ముందు 2ను లోపలికి పంపుతాం. ఇక 2, 3, 4 వరుసగా బయటికొస్తాయి.

అదే 2, 3, 1 వస్తే? 1 వెళ్లేదాకా మిగతా రెండూ లోపలే ఆగాలి. 2కు 3 అడ్డం పడుతుంది. ఎంత తెలివైనవాడైనా దీన్ని సర్దలేడు. అసలు చిక్కంతా ఇదే: ఒక బోగీ, దాని తర్వాత పెద్ద అంకె, ఆ తర్వాత ఎప్పుడో ఆ రెంటికన్నా చిన్న అంకె. ఇవి పక్కపక్కనే ఉండనక్కర్లేదు. ఈ పోకడ ఎక్కడా లేకపోతే వరుస తప్పక కుదురుతుంది. పని మధ్యలోనూ గుర్తుపట్టవచ్చు: చిన్న అంకె ముందు పెద్ద అంకెను తోయాల్సి వస్తే దారి మూసుకుపోయినట్టే.

డోనాల్డ్ క్నూత్ 1968లో తన పుస్తకంలో ఈ లెక్కను వివరించారు. మూడు బోగీల 6 వరుసల్లో 5 కుదురుతాయి. నాలుగైతే 24లో 14, పదైతే 36,28,800లో 16,796 మాత్రమే.

కుదరని 2, 3, 1ని ముందు 2, 1, 3గా బయటికి తెచ్చి, మొత్తాన్ని మళ్లీ ఎడమకు చేర్చి ఇంకోసారి నడిపితే సరైన వరుస వస్తుంది.