ఖీమా రంగు మారితే ఉడికినట్టేనా?

అరకిలో మటన్ ఖీమాను చిన్న మూకుట్లో ఒక్కసారిగా వేస్తే, కాసేపట్లోనే ఎరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ వెంటనే మూకుడంతా నీళ్లూరతాయి. చాలా ఇళ్లలో అప్పుడే కారం, మసాలా వేసి మూత పెట్టేస్తారు. కూర తినడానికి బాగానే ఉంటుంది గానీ వేయించిన మాంసపు కమ్మదనం దానికి రాదు. అదే ఖీమాతో టిక్కీలు చేసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. పైన ముదురు గోధుమరంగు రాగానే ఉడికిపోయిందనుకుని దించేస్తారు. వేగడం రుచికి సంబంధించింది, లోపలిదాకా ఉడకడం ఆరోగ్యానికి సంబంధించింది. ఒకటి జరిగిందని రెండోది జరిగినట్టు కాదు.

ముందు వేగడం సంగతి చూద్దాం. మాంసంలో ఎక్కువ భాగం నీరే. వేడి తగలగానే కండలోని ప్రొటీన్లు ముడుచుకుని ఆ నీటిని బయటికి తోసేస్తాయి. మూకుట్లో తడి ఉన్నంతసేపూ మాంసం వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. గోధుమరంగు, దాంతోపాటు వచ్చే వేపుడు వాసన బాగా రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. అంటే నీరు ఇగిరేదాకా ఖీమా ఉడుకుతుందే తప్ప వేగదు. ఈ తేడా చెవికి కూడా తెలుస్తుంది. నీరున్నప్పుడు బుడబుడమంటుంది. ఇగిరాక నూనె తేలి, చిటపటలు మొదలవుతాయి. రంగు తిరగడం అప్పటి నుంచే.

మూకుడు కిక్కిరిస్తే ఇక్కడే దెబ్బ తగులుతుంది. చల్లటి మాంసం ఎక్కువైతే మూకుడు వేడి పడిపోతుంది, ఊరిన నీరు ఆవిరై పోయే దారి లేక అడుగునే నిలుస్తుంది. అది ఇగిరేలోపు ఖీమా రబ్బరులా గట్టిపడుతుంది. అందుకే అరకిలోను రెండు వాయిలుగా వేయించాలి. పది అంగుళాల వెడల్పున్న మందపాటి ఇనుప మూకుడైతే వాయికి పావుకిలో సరిపోతుంది. నూనె బాగా కాగాక ఖీమాను పలచగా పరిచి, రెండు మూడు నిమిషాలు గరిట పెట్టకుండా వదిలేయాలి. అడుగు రంగు తిరిగాక తిప్పి, ఉండలు చిదమాలి. రెండు వాయిలూ తీసి పక్కన పెట్టి, అదే మూకుట్లో ఉల్లిపాయలు వేయించి టమాటాలు వేస్తే, అడుగున అంటుకున్న గోధుమరంగు పొర ఆ రసంలో కరిగి కూరలో కలుస్తుంది. కొట్టించిన ఖీమాను ఇంటికొచ్చాక కడిగితే అది నీళ్లు పీల్చుకుని పని చెడగొడుతుంది. కడగాలనుకుంటే ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి, తడి ఆరాక కొట్టించుకోవడం మేలు.

ఇక ఆరోగ్యం. పెద్ద ముక్కలో సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగానే ఉంటాయి. పైన గట్టిగా కాలితే చాలావరకు చస్తాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగం కాస్తా లోపలికంతా కలిసిపోతుంది. అందుకే టిక్కీ నడిమధ్య కూడా తగినంత వేడెక్కాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ప్రకారం మటన్, బీఫ్, పోర్క్ ఖీమాకు మధ్యలో 71 డిగ్రీలు, చికెన్ ఖీమాకు 74 డిగ్రీలు రావాలి. ఖీమా కూరకు ఈ చింత అక్కర్లేదు. మూతపెట్టి ఇరవై నిమిషాలు కుతకుత ఉడికితే ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది.

చిక్కంతా పచ్చి ఖీమాతో చేసే టిక్కీలతోనే. మాంసం కొన్నిసార్లు 71 డిగ్రీలకు చేరకముందే లోపల గోధుమరంగుకు మారిపోతుంది. మన టిక్కీల్లో పసుపు, కారం కూడా కలుస్తాయి కాబట్టి విరిచి చూసినా రంగు ఏమీ చెప్పదు. వంటింటి థర్మామీటర్ ఉంటే పైనుంచి కాకుండా పక్కనుంచి, మొన సరిగ్గా మధ్యకు చేరేలా గుచ్చాలి. అది లేనివాళ్లు టిక్కీని ఒకటిన్నర సెంటీమీటరు కన్నా మందంగా చేయకూడదు. మధ్య మంట మీద రెండువైపులా రంగు తెచ్చి, మంట తగ్గించి, మూతపెట్టి ఇంకో నాలుగైదు నిమిషాలు ఉంచాలి. టిక్కీల మధ్య వేలెడంత ఎడం ఉండాలి. అట్లకాడతో అదమకూడదు, అదిమితే రసమంతా పెనం పాలవుతుంది.

హైదరాబాదీ షామీ కబాబ్‌కు ఈ బెడద చాలావరకు లేదు. దానికి ఖీమాను శనగపప్పుతో కలిపి ముందే మెత్తగా ఉడికించి, నూరి, ఆ తర్వాత బిళ్లలు చేస్తారు. పెనం మీద చేయాల్సింది రంగు తేవడం, వేడి చేయడమే. అతిథులు ఎక్కువమంది వచ్చే రోజున, ఒక్కొక్క టిక్కీ లోపల ఉడికిందో లేదో చూసుకునే తీరిక లేనప్పుడు, పచ్చి ఖీమా టిక్కీల కన్నా షామీలే నయం.