కార్డు మీద 200, కాపీలో 35

తపాలా బిళ్లంత జాగాలో అన్ని గుర్తులు కుక్కిన వస్తువు ఎస్‌డీ కార్డు తప్ప మరొకటి ఉండదేమో. పెద్దక్షరాల్లో కంపెనీ పేరు, కింద 64 జీబీ, ఆ పక్కన సెకనుకు 200 ఎంబీ. ఒక మూల సీ అక్షరం లోపల 10, ఇంకో మూల యూ అక్షరం లోపల 3, వీ పక్కన 30, ఎక్కడో చిన్నగా రోమన్ అంకెల్లో ఒకటి. కొనేవాళ్ల కళ్లు ఎలాగూ 200 మీదే ఆగుతాయి. తీరా ఇంటికి తెచ్చి, ఫొటోలు తీసి, కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే వేగం 35 దాటదు. షాపువాడు నకిలీ కార్డు అంటగట్టాడేమోనని అనుమానం మొదలవుతుంది.

నకిలీలు లేవని కాదు. కానీ ఇలాంటి సందర్భాల్లో ఎక్కువసార్లు కార్డు నిక్షేపంగానే ఉంటుంది. కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న రీడరో, కేబులో, సాకెట్టో వేగాన్ని పట్టి ఆపుతుంది. ఇంకో సంగతేమిటంటే, కార్డు మీది సీ, యూ, వీ గుర్తులకు కాపీతో అసలు సంబంధమే లేదు.

క్లాసు చెప్పేది రాత గురించి

సీ10, యూ3, వీ30 లాంటివి స్పీడ్ క్లాసులు. కెమెరా వీడియో రికార్డు చేస్తున్నంతసేపూ కార్డు ఎంత వేగానికి తగ్గకుండా రాసుకోగలదో అవి చెబుతాయి. సీ10, యూ1, వీ10 మూడింటి అర్థం ఒకటే: సెకనుకు కనీసం 10 ఎంబీ. యూ3, వీ30 అంటే కనీసం 30. ఆ పైన వీ60, వీ90 ఉన్నాయి. ఇక్కడ కీలకమైన మాట ‘కనీసం’. ఫొటో అయితే కెమెరా తన సొంత మెమరీలో కాసేపు దాచుకుని తీరిగ్గా కార్డుకు పంపగలదు. వీడియో అలా ఆగదు. కార్డు ఎక్కడైనా వెనకబడితే కెమెరా రికార్డింగే ఆపేస్తుంది. తాళి కట్టే వేళ అలా ఆగిందంటే ఆ దృశ్యం మళ్లీ రాదు.

ఏ క్లాసు కొనాలో తేల్చుకోవడానికి కెమెరా మెనూలో వీడియో బిట్‌రేట్ చూస్తే చాలు. అది మెగాబిట్లలో ఉంటుంది, కార్డు లెక్క మెగాబైట్లలో ఉంటుంది, కాబట్టి 8తో భాగించాలి. 4కే వీడియోకు చాలా కెమెరాల్లో కనిపించే 100 మెగాబిట్లను భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ. వీ10 చాలదు, వీ30 అయితే బోలెడంత వెసులుబాటు. సోనీ ఏ7ఎస్ 3 లాంటి కెమెరాల్లో 600 మెగాబిట్ల రికార్డింగ్ పెట్టుకుంటే సెకనుకు 75 ఎంబీ అవుతుంది. వీ90 కార్డు అవసరం పడేది అలాంటి చోట. 100 మెగాబిట్ల పనికి వీ90 కొన్నా వీడియో నాణ్యత ఇసుమంత కూడా పెరగదు, ఖర్చు తప్ప.

మరి ఆ 200 ఏమిటి? అది కార్డు నుంచి చదివే వేగం. అదీ కనీసం కాదు, అన్నీ కలిసొస్తే అందే గరిష్ఠం. కాపీకి పనికొచ్చే అంకె ఇదే, కానీ దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి రీడరు, రెండోది కార్డు వెనక ఉన్న పిన్నులు.

కార్డు తిప్పి చూస్తే

సీ, యూ, వీ గుర్తుల గోలలో ఎవరూ పట్టించుకోనిది ఆ చిన్న రోమన్ అంకె. ఒకటి ఉంటే యూహెచ్ఎస్ 1, రెండు ఉంటే యూహెచ్ఎస్ 2. యూ అక్షరం లోపల ఉండే 1, 3 అంకెలతో దీన్ని కలిపేసుకునేవాళ్లు ఎక్కువ. యూ లోపలిది క్లాసు. రోమన్ అంకె మాత్రం కార్డు బయటికి మాట్లాడే దారిని చెబుతుంది.

తేడా కంటికే కనిపిస్తుంది. యూహెచ్ఎస్ 1 కార్డు వెనక పైఅంచున ఒక్క వరసలో 9 బంగారు రంగు పిన్నులుంటాయి. యూహెచ్ఎస్ 2 కార్డుకు దాని కింద రెండో వరస ఉంటుంది, మొత్తం 17. మొదటి వరసతో ప్రమాణాల ప్రకారం దాటగలిగేది సెకనుకు గరిష్ఠంగా 104 ఎంబీ, చేతికందేది దాదాపు 90. రెండో వరస కూడా పనిచేస్తే గరిష్ఠం 312కు వెళ్తుంది, మంచి కార్డుల్లో 250 పైచిలుకు అందుతుంది. రీడరులో రెండో వరసను తాకే పిన్నులు లేకపోతే యూహెచ్ఎస్ 2 కార్డు కూడా బుద్ధిగా యూహెచ్ఎస్ 1 లాగే పనిచేస్తుంది. పాడవదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే రీడరు మార్చాలన్న ఆలోచనే ఎవరికీ తట్టదు.

ఒకే వరస ఉన్న కార్డు మీద 104 దాటి 200 ఎలా ముద్రించారని అడగొచ్చు. శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో లాంటి కార్డుల్లో ప్రమాణాల్లో లేని సొంత పద్ధతి ఒకటి పెట్టారు. దాన్ని అర్థం చేసుకునే రీడరులో పెడితేనే ఆ వేగం వస్తుంది. మామూలు రీడరులో అదే కార్డు 90 దగ్గర ఆగిపోతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఈ షరతు రాసే ఉంటుంది.

ఒక పెళ్లి లెక్క

రాత్రి ముహూర్తం పెళ్లి. ఫొటోగ్రాఫర్ ఒకే కెమెరాతో గంట సేపు 100 మెగాబిట్ల 4కే వీడియో, 600 రా ఫొటోలు తీశాడనుకుందాం. వీడియో 45 జీబీ. ఫొటో ఒక్కోటి 25 ఎంబీ చొప్పున 15 జీబీ. మొత్తం 60 జీబీ, అంటే 64 జీబీ కార్డు దాదాపు నిండింది. తెల్లారేలోపు ఇది కంప్యూటర్‌కు చేరాలి.

కెమెరాకే యూఎస్‌బీ 2 కేబుల్ తగిలిస్తే సెకనుకు దాదాపు 35 ఎంబీ వస్తుంది, మొత్తం చేరడానికి 28 నిమిషాలకు పైమాటే. పైగా అంతసేపూ కెమెరా బ్యాటరీ తింటుంది. కేబుల్ చివర టైప్ సీ ఉన్నంత మాత్రాన సంబరపడలేం, లోపల యూఎస్‌బీ 2తోనే సరిపెట్టిన కెమెరాలున్నాయి. చాలా ల్యాప్‌టాపుల పక్కన ఉండే ఎస్‌డీ స్లాటు పరిస్థితీ ఇదే. బయటికి ఎంత నాజూగ్గా ఉన్నా, లోపల యూఎస్‌బీ 2 తీగకు అతికించినదైతే కార్డు ఎంత ఖరీదైనదైనా 35 దాటదు.

అదే కార్డును యూఎస్‌బీ 3 రీడరులో పెడితే వేగం 90కి చేరి పని 11 నిమిషాల్లో అయిపోతుంది. యూహెచ్ఎస్ 2 కార్డు, యూహెచ్ఎస్ 2 రీడరు రెండూ ఉంటే 250 వేగంతో 4 నిమిషాలు. ముందు లెక్కలో 28 నుంచి 11కు దించింది రీడరు ఒక్కటే, కార్డు మారలేదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఆ 60 జీబీ ఎక్కడికి వెళ్తోంది? చాలా స్టూడియోల్లో నేరుగా చిన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పంపుతారు. తిరిగే పళ్లెం ఉన్న ఆ డిస్క్ సెకనుకు 110 ఎంబీ చొప్పున రాసుకుంటే గొప్ప. అప్పుడు 250 రీడరు ఉన్నా 9 నిమిషాలు తప్పవు. యూహెచ్ఎస్ 2 మీద పెట్టిన డబ్బు ఫలం దక్కాలంటే అటు చివర ఎస్ఎస్‌డీ ఉండాలి. కార్డులోంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే అలవాటుంటే ఇంకా కష్టం. చవక పెన్‌డ్రైవులు రాసుకునే వేగం చాలాసార్లు యూఎస్‌బీ 2 కన్నా తక్కువే.

గ్రాఫు చూసి పట్టుకోవడం

ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విండోస్‌లో కాపీ జరుగుతుండగా `More details` నొక్కితే వేగం గ్రాఫు కనిపిస్తుంది. పరీక్షకు పెద్ద వీడియో ఫైలు తీసుకోవాలి. వందల చిన్న ఫొటోలైతే ఒక్కో ఫైలు తెరిచి మూసే పనికే సమయం పోయి, వేగం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

మొదటి నుంచీ 35, 40 దగ్గర గీత గీసినట్టు నిలబడితే దారిలో ఎక్కడో యూఎస్‌బీ 2 ఉంది. 90 దగ్గర నిలబడితే యూఎస్‌బీ బాగానే ఉంది, అది యూహెచ్ఎస్ 1 హద్దు. మొదట బాగా ఎగిరి, కాసేపటికి కుప్పకూలితే తప్పు రాసుకునే చోట ఉన్నట్టు: పెన్‌డ్రైవ్ లేదా చవక ఎస్ఎస్‌డీ తన తాత్కాలిక మెమరీ నిండి అసలు వేగానికి దిగిపోయింది. మధ్య మధ్యలో సున్నాకు పడి లేస్తుంటే కార్డు పిన్నులో, రీడరో అనుమానించాలి. అప్పుడు కార్డు తీసి వేరే రీడరులో ప్రయత్నించాలి. ఆ కార్డులోని ఫైళ్లు భద్రంగా బయటపడేదాకా దాని మీద మళ్లీ షూట్ చేయకూడదు.

యూఎస్‌బీ 2 దగ్గరే చిక్కుందని తేలితే రీడరు ప్లగ్గులోకి తొంగి చూడాలి. పాత చదరపు ప్లగ్గులో ముందు వైపు 4 పిన్నులే ఉంటే అది యూఎస్‌బీ 2. లోపల వెనక్కి ఇంకో 5 కనిపిస్తే యూఎస్‌బీ 3. రీడరు సరైనదే అయినా యూఎస్‌బీ 2 సాకెట్లోనో, పాత హబ్‌లోనో గుచ్చితే మళ్లీ 35కే దిగుతుంది. మ్యాక్ వాడేవాళ్లు సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ వివరాలు తెరిస్తే రీడరు పక్కన `Up to 480 Mb/s` అని ఉందో, `Up to 5 Gb/s` అని ఉందో కనిపిస్తుంది. మొదటిది యూఎస్‌బీ 2, రెండోది యూఎస్‌బీ 3.

ఏ వేగంతో చేసినా కట్ కాకుండా కాపీయే చేయడం స్టూడియోల్లో పాటించే పద్ధతి. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా అసలు ఫైళ్లు కార్డులోనే ఉంటాయి. రెండు చోట్లకు చేరాక, ఫైళ్ల సంఖ్యా మొత్తం సైజూ సరిపోయాక కార్డును మళ్లీ కెమెరాలోనే ఫార్మాట్ చేస్తారు.

ఇప్పుడు మార్కెట్లోకి ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే మరో రకం వస్తోంది. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 గేమ్ యంత్రం ఈ జాతి మైక్రో కార్డులే అడుగుతుంది. డబ్బా మీద సెకనుకు 800 ఎంబీ లాంటి అంకెలు చూసి కెమెరాకు కొనాలనిపించవచ్చు. కానీ ఎక్స్‌ప్రెస్ కార్డుల రెండో వరస పిన్నులు వేరే భాష మాట్లాడతాయి, యూహెచ్ఎస్ 2 రీడరుకు అది అర్థం కాదు. కాబట్టి ఇప్పుడు వాడుకలో ఉన్న యూహెచ్ఎస్ 2 కెమెరాల్లో, రీడర్లలో ఆ కార్డు మొదటి వరసతోనే పనిచేస్తుంది. అంటే సగం ధరకొచ్చే యూహెచ్ఎస్ 1 కార్డు ఇచ్చే 90 ఎంబీయే అదీ ఇస్తుంది.