చెరకు బిల్లు చేతికందేది ఎన్ని రోజులకు? చక్కెర కర్మాగారం వార్షిక లెక్కల నుండి నగదు చక్రాన్ని గణించు విధానం

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని చోడవరం పరిసర గ్రామాలలో చెరకు సాగు గోవాడలోని సహకార చక్కెర కర్మాగారంతో ముడిపడి ఉన్నది. ఇటువంటి ప్రాంతంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు కర్మాగారపు లెక్కలు పరాయి విషయం కాదు. మొక్క తోట నరికిన వెంటనే మోళ్లను భూమట్టానికి చెక్కి, ఖాళీలు నింపి, కార్శి తోటకు తొలి ఎరువు వేయాలి. ఆ వారాలలో రైతు చేతికి బిల్లు సొమ్ము అందకపోతే మనం సిఫారసు చేసిన యాజమాన్యం కాగితానికే పరిమితమవుతుంది. ఆ సొమ్ము ఎన్ని రోజులు ఆగుతున్నదో వార్షిక నివేదిక నుండి గణించవచ్చు. అయితే పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని యథాతథంగా వాడితే చక్కెర పరిశ్రమలో తప్పు సమాధానం వస్తుంది. కారణమేమిటో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం. ఇందులోని కర్మాగారం, దాని అంకెలు గణన కోసం ఊహించినవి. ఏ సంస్థవీ కావు.

మూడు సూత్రాలు

సరుకు నిల్వ రోజులు = సరుకు నిల్వ ÷ అమ్మిన సరుకు వ్యయం × 365
బాకీదారుల రోజులు = రావలసిన బాకీలు ÷ అమ్మకాలు × 365
రుణదాతల రోజులు = చెల్లించవలసిన బాకీలు ÷ కొనుగోళ్లు × 365

మొదటి రెండింటిని కూడి, మూడవదానిని తీసివేస్తే నగదు పరివర్తన చక్రం వస్తుంది. సరుకుపై పెట్టిన రూపాయి తిరిగి నగదుగా మారే వరకు సంస్థ సొంత నిధులతోనో, బ్యాంకు అప్పుతోనో నెట్టుకురావలసిన రోజులివి. ప్రతి సూత్రంలోని భాజకం వేరు. రుణదాతల రోజులకు అమ్మిన సరుకు వ్యయం కాక, చెరకు కొనుగోలు మొత్తాన్నే తీసుకోవాలి. ఇది లాభనష్టాల ఖాతా అనుబంధాలలో లభిస్తుంది. బకాయిలలోనూ చెరకు రైతులకు రావలసిన దానిని మాత్రమే వేరుచేయాలి. యంత్ర సామగ్రి సరఫరాదారుల బాకీలను, బ్యాంకు అప్పులను ఇందులో కలపరాదు.

మార్చి 31 నాటి అంకెలతో గణన

మన ఉదాహరణలో ఏడాది అమ్మకాలు 73 కోట్ల రూపాయలు, అమ్మిన సరుకు వ్యయం 65.70 కోట్లు. చెరకు కొనుగోలు 54.75 కోట్లు, టన్నుకు 2,750 రూపాయల చొప్పున ఇది సుమారు 2 లక్షల టన్నుల చెరకు. మార్చి 31న చక్కెర నిల్వ 45 కోట్లు, రావలసిన బాకీలు 2 కోట్లు, రైతులకు చెల్లించవలసినది 18 కోట్లు.

సూత్రాల ప్రకారం నిల్వ 250 రోజులు, బాకీదారులు 10 రోజులు, రుణదాతలు 120 రోజులు. నగదు చక్రం 140 రోజులు. బాకీదారుల రోజులు ఇంత తక్కువగా ఉండటం ఆశ్చర్యకరం కాదు. వర్తకులు సాధారణంగా సొమ్ము కట్టిన తరువాతనే చక్కెర ఎత్తుకుంటారు. చిక్కు మిగిలిన రెండు అంకెలలో ఉన్నది.

ఆ తేదీలోనే ఉన్న పొరపాటు

మన కర్మాగారంలో గానుగ డిసెంబరు మొదటి నుండి మార్చి చివరి వరకు, సుమారు 120 రోజులు సాగింది. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా జరగాలి. 2018 జూన్ నుండి కేంద్ర ప్రభుత్వం మిల్లులకు నెలవారీ అమ్మకపు కోటాలు నిర్ణయిస్తున్నందున, చేతిలో సరుకున్నా ఒకేసారి అమ్ముకునే వీలులేదు. కాబట్టి మార్చి 31 నాటికి నిల్వ, రైతుల బకాయి రెండూ శిఖరాన ఉంటాయి. లెక్కల పుస్తకం మూసేది సరిగ్గా ఆ రోజుననే.

ప్రారంభపు, ముగింపు నిల్వల సగటు తీసుకుంటే సరిపోతుందని కొందరు భావిస్తారు. కాని ఆ రెండూ మార్చి నెల అంకెలే. ప్రారంభపు నిల్వ 41.40 కోట్లనుకుంటే సగటుతో 240 రోజులు వస్తుంది. లోపం దాదాపు అలాగే మిగిలిపోతుంది. సరైన మార్గం పన్నెండు నెలాఖరు నిల్వల సగటు. మన ఉదాహరణలో అది 22.68 కోట్లు, దాని ప్రకారం నిల్వ రోజులు 126 మాత్రమే.

రైతు నిరీక్షణను కొలవడం

1966 నాటి చెరకు (నియంత్రణ) ఉత్తర్వు ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, చెరకు అప్పగించిన 14 రోజులలోగా ధర చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. మరి 120 రోజులు అన్న అంకెను ఈ 14తో నేరుగా పోల్చవచ్చునా? పోల్చరాదు. ఆ సూత్రం 54.75 కోట్ల కొనుగోలును 365 రోజులకు పంచి, రోజుకు 15 లక్షలుగా చూస్తుంది. నిజానికి గానుగ కాలంలో రోజువారీ కొనుగోలు సుమారు 45.6 లక్షలు. మార్చి చివరి వరకు గానుగ ఆడి, ప్రతి బిల్లును 14వ రోజున చెల్లించే కర్మాగారానికి కూడా ఆఖరు రోజున 6.39 కోట్ల బకాయి ఉంటుంది. సూత్రం దానిని 43 రోజులుగా చూపుతుంది. అంటే చట్టాన్ని పాటించిన సంస్థ సైతం దోషిగా కనిపిస్తుంది.

ఇక్కడ రెండు గణనలు అవసరం. మొదటిది, వెనుకకు లెక్కించుట. 18 కోట్లను 45.6 లక్షలతో భాగిస్తే 39 రోజులు వస్తుంది. బిల్లులు వరుస క్రమంలో చెల్లిస్తున్నట్లయితే, ఫిబ్రవరి 20 తరువాత చెరకు తోలిన రైతులకు ఇంకా సొమ్ము అందలేదని అర్థం. 6.39 కోట్లు పోగా 11.61 కోట్లు గడువు దాటినవి. వీటిపై నెలకు దాదాపు 14.5 లక్షల వడ్డీ రైతులకు రావలసి ఉంటుంది.

రెండవది, నెలాఖరు బకాయిల సగటు. ఏప్రిల్ నుండి జూలై వరకు బకాయిలు వరుసగా 13, 9, 6, 3 కోట్లు. ఆగస్టు నుండి నవంబరు వరకు సున్న. డిసెంబరు నుండి మార్చి వరకు 6, 11, 15, 18 కోట్లు అనుకొందాం. మొత్తం 81, సగటు 6.75 కోట్లు. దీనిని రోజుకు 15 లక్షలతో భాగిస్తే 45 రోజులు. ఏడాది మొత్తం మీద ఒక్కొక్క రూపాయి కోసం రైతు వేచిన సగటు కాలం ఇదే. 14తో పోల్చదగిన అంకె కూడా ఇదే.

చక్రం ఎవరి భుజాన తిరుగుతున్నది?

సవరించిన నగదు చక్రం 126 + 10 − 45 = 91 రోజులు. మొదట వచ్చిన 140 కన్నా ఇది మెరుగనిపిస్తుంది. కాని ఇందులో 45 రోజుల భారాన్ని మోసినది రైతు. అందరికీ 14 రోజులలో చెల్లిస్తే చక్రం 122 రోజులకు పెరుగుతుంది. ఆ 31 రోజుల తేడాకు, రోజుకు 15 లక్షల చొప్పున, సగటున 4.65 కోట్ల నిర్వహణ మూలధనం కర్మాగారం అదనంగా సమకూర్చుకోవాలి. చక్రం చిన్నదైతే నిర్వహణ బాగున్నదని వాణిజ్య పాఠాలు చెబుతాయి. చక్కెర కర్మాగారంలో అది నిల్వ తగ్గినందువల్ల చిన్నదైనదా, బిల్లులు ఆగినందువల్లనా అన్నది విడదీసి చూడనిదే ఆ మాట చెప్పలేము.

ఈ గణనకు ఒక పరిమితి ఉన్నది. మార్చి నాటి 18 కోట్లు ఏప్రిల్‌లోనే తీరాయా, ఆగస్టు దాకా సాగాయా అన్నది వార్షిక నివేదిక చెప్పదు. రెండు సందర్భాలలోను ఆస్తి అప్పుల పట్టీ ఒకే విధంగా ఉంటుంది. నెలవారీ బకాయిల పట్టిక లభించనప్పుడు కొందరు రైతుల తోలకపు తేదీలను, బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ అయిన తేదీలను పక్కపక్కన వ్రాసి చూడాలి. ఆ తేడాల సగటు 45కు చేరువగా ఉంటే కార్శి తోట తొలి ఎరువుకు బిల్లు సొమ్మును నమ్ముకోవద్దని, పంట రుణాన్ని ముందుగానే సిద్ధం చేసుకోవాలని రైతుకు సూచించవలసి ఉంటుంది.