డెలె పరీక్షకు ఆరు నెలలు: ముందు చెవికి పాఠం

స్పానిష్ నైపుణ్యానికి ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ పెట్టే డెలె పరీక్షలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటాయి. ఓనమాలతో మొదలుపెట్టినవారు రోజుకు గంటన్నర చొప్పున ఆరు నెలలు చదివితే ఏ2 అందుతుంది. అంతకు మించి గురిపెట్టమని నేను చెప్పను.

ఏ2లో చదవడం, రాయడం కలిపి 50 మార్కులు. వినడం, మాట్లాడడం కలిపి మరో 50. రెండు జతల్లోనూ విడివిడిగా 30 రావాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే. చదవడంలో 23, రాయడంలో 19 వచ్చి, వినడంలో 12, మాట్లాడడంలో 16 వస్తే మొత్తం 70. అయినా రెండో జతలో 28 మాత్రమే కాబట్టి ఫెయిలే. అందుకే మొదటి రోజు నుంచీ సగం సమయం చెవికీ నోటికీ ఇవ్వాలి.

మొదటి రెండు నెలలు ఉచ్చారణ, వర్తమాన కాలం. స్పానిష్ అచ్చులు మనకు కష్టం కాదు. ఇంగ్లిష్ అలవాటుతో ‘టూ’ అనకుండా ‘తూ’ అనాలి, అంతే. వాక్యాలను కూడా తెలుగులోంచే పట్టుకోండి. ‘మే గుస్తా ఎల్ కఫే’ అంటే ‘నాకు కాఫీ ఇష్టం’. ఇంగ్లిష్ మీదుగా వెళ్లేవాళ్లు ‘నేను’తో మొదలుపెట్టి తప్పు చేస్తారు.

వినడానికి రెండు నిమిషాల ఆడియో చాలు. పరీక్షలోలాగే రెండుసార్లు విని, అర్థమైనది రాసి, ఆ తర్వాతే పాఠం చూడండి. తెలిసిన మాటే వినబడలేదంటే కారణం చాలాసార్లు సంధి. ‘బా ఆ ఆబ్లార్’ అనే మూడు మాటలు వేగంగా అన్నప్పుడు ‘బాబ్లార్’గా కలిసిపోతాయి. అలాంటి చోట్లు గీత గీసి, పైకి అనండి.

మూడు, నాలుగు నెలలు భూతకాలానికి. అందరినీ తికమకపెట్టే రెండు భూతకాలాలు మనకు కొంత తెలిసినవే: ‘నిన్న వెళ్లాను’ అంటే ‘ఫుయీ’, ‘చిన్నప్పుడు వెళ్లేవాణ్ణి’ అంటే ‘ఈబా’. పోలిక ప్రతిచోటా కుదరదు, కానీ మొదటి మెట్టుగా బాగా పనికొస్తుంది. మనకు అసలు కష్టం నామవాచకాల లింగం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. ప్రతి మాటనూ ‘లా మేసా’, ‘ఎల్ లీబ్రో’ అని ముందున్న ఆర్టికల్‌తోనే నేర్చుకోవాలి. దరఖాస్తు గడువు పరీక్షకు చాలా వారాల ముందే ముగుస్తుంది కాబట్టి, ఈ దశలోనే దగ్గరి కేంద్రం చూసి పేరు నమోదు చేసుకోండి.

ఐదో నెలలో స్నేహితుడికి ఉత్తరం లాంటి చిన్న రాతలు గడియారం పెట్టుకుని రాయండి. మౌఖికానికి ముందు 12 నిమిషాలు సన్నద్ధతకు ఇస్తారు. నోట్స్ రాసుకోవచ్చు, చదివి వినిపించకూడదు. కాబట్టి పూర్తి వాక్యాలు కాకుండా ఐదారు మాటలే కాగితంపై పెట్టి, ఇల్లు, ఊరు, పని గురించి మాట్లాడుతూ రికార్డు చేసుకోండి.

ఆరో నెలలో సెర్వాంతెస్ వెబ్‌సైట్‌లోని నమూనా పత్రాలు వారానికొకటి చేయండి. మార్కులు జతలుగానే కూడండి. వినడం, మాట్లాడడం కలిపి 35 దాటకపోతే, మిగిలిన రోజుల్లో వ్యాకరణం పక్కనపెట్టి ఆడియోలకే కూర్చోండి.