8తో ఎందుకు భాగిస్తారు?

"రైతు పత్తికి మందు కొట్టాడు." ఇక్కడ మందు అంటే పురుగుమందు. ఒక్క మాట మార్చి "రైతు పండక్కి మందు కొట్టాడు" అంటే అది సీసాలోని మందు. మిగతా మూడు మాటలూ అవే, వరుసా అదే. పత్తికీ పండక్కీ ఉన్న తేడాను పట్టుకుని మనం అర్థం తేల్చేస్తాం. అలా తేల్చుకున్నామన్న సంగతి కూడా మనకు తట్టదు. కంప్యూటరుకు మాత్రం ఆ చూపును లెక్కగా రాసివ్వాలి. ఇవాళ్టి భాషా మోడళ్లలో దాదాపు అన్నిటి లోపలా నడిచే ఆ లెక్క పేరే సెల్ఫ్ అటెన్షన్. వాక్యంలోని ప్రతి మాటా అదే వాక్యంలోని మాటల్ని, తనతో సహా, ఒకసారి పరికించి దేని నుంచి ఎంత తీసుకోవాలో తేల్చుకుంటుంది.

అటెన్షన్ అనే ఆలోచన 2014లోనే ఉంది. బహ్దనావ్, చో, బెంజియో అనే పరిశోధకులు అనువాద యంత్రాలకు దాన్ని జోడించారు. అప్పట్లో వాక్యాన్ని ఒక్కో మాట చొప్పున వరుసగా చదివే నెట్‌వర్కుకు అది ఒక సాయం మాత్రమే. 2017 జూన్‌లో ఆశిష్ వాస్వానీ, మరో ఏడుగురు కలిసి "అటెన్షన్ ఈజ్ ఆల్ యు నీడ్" అనే పరిశోధన పత్రం వెలువరించారు. వీళ్లలో ఎక్కువమంది గూగుల్‌లో పనిచేసేవారు. వరుసగా చదివే ఆ నెట్‌వర్కును పూర్తిగా తీసేసి, అటెన్షన్‌నే ఇరుసుగా చేసుకుని వాళ్లు కట్టిన యంత్రమే ట్రాన్స్‌ఫార్మర్. దాని గుండె ఈ ఒక్క వరుసలో ఉంది:

```
Attention(Q, K, V) = softmax(QKᵀ / √d_k) V
```

ఇందులో Q, K, V అంటే క్వెరీ, కీ, వాల్యూ. వీటి గురించి చాలాచోట్ల చదువుతాం. కింద కూర్చున్న ఆ √d_k దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు ఆగరు. అదేమిటో చూడాలంటే ముందు పై మూడింటినీ దాటి వెళ్లాలి.

మోడల్ లోపల ప్రతి మాటా కొన్ని అంకెల వరుస, అంటే ఒక వెక్టర్. నిజానికి తెలుగు మాటలు చాలాసార్లు ముక్కలై లోపలికి వెళతాయి. ఇక్కడ సులువు కోసం మాటకొక వెక్టర్ అనుకుందాం. 2017 నాటి మూల నమూనాలో ఈ వెక్టర్ పొడవు 512. దాన్ని మూడు వేర్వేరు అంకెల పట్టికలతో, అంటే మాత్రికలతో గుణిస్తే 64 అంకెల చొప్పున మూడు చిన్న వెక్టర్లు వస్తాయి. మొదటిది క్వెరీ: ఈ మాటకు ఏం కావాలో చెప్పేది. రెండోది కీ: ఇతరులు వెతుకుతూ వస్తే ఈ మాట ఏమని కనబడాలో చెప్పేది. మూడోది వాల్యూ: ఎంచుకున్నాక ఈ మాట నిజంగా అందించే సరుకు. ఆ మూడు మాత్రికలూ అన్ని మాటలకూ అవే. వాటిలోని అంకెల్ని ఎవరూ చేత్తో రాయరు. మొదట యాదృచ్ఛికంగా నింపుతారు, తర్వాత శిక్షణలో తప్పులు సరిదిద్దుకుంటూ అవే కుదురుకుంటాయి.

ఒకే మాటకు ఇన్ని రూపాలు ఎందుకు? క్వెరీకీ కీకీ ఒకే మాత్రిక వాడామనుకోండి. అప్పుడు మందుకు పత్తి ఎంత దగ్గరో, పత్తికి మందు కూడా సరిగ్గా అంతే మార్కులతో దగ్గరవుతుంది. పైగా ప్రతి మాటా అన్నిటికన్నా తనకు తానే నచ్చే ప్రమాదం ఉంది. భాష ఇలా రెండువైపులా సమానంగా నడవదు. మందు ఏ మందో తేలాలంటే పత్తి కావాలి, పత్తి అర్థం తేలడానికి మందు అంత అవసరం లేదు. అందుకే అడిగే రూపం వేరు, అడిగించుకునే రూపం వేరు. వాల్యూ సంగతీ ఇలాంటిదే. ఒక మాటను గుర్తుపట్టడానికి పనికొచ్చిన వివరమూ, గుర్తుపట్టాక దాని నుంచి తీసుకోవాల్సిన వివరమూ ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు మందు అనే మాట తన క్వెరీని తీసుకుని నాలుగు మాటల కీలతోనూ పోల్చుతుంది. ఆ పోలికే డాట్ ప్రాడక్ట్, ఇంటర్మీడియెట్ గణితంలో మనం బిందు లబ్ధం అని చదువుకున్నది. స్థానం స్థానానికీ అంకెల్ని గుణించి మొత్తం కూడటమే. క్వెరీ (1, 2, −1), కీ (2, 1, 0) అయితే 2 + 2 + 0, అంటే 4. రెండు వెక్టర్లూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే మొత్తం పెద్దదవుతుంది, ఎదురెదురుగా ఉంటే సున్నా కిందికి పోతుంది. మన వాక్యంలో 64 అంకెల వెక్టర్లతో ఇలా కూడితే రైతుకు 4, పత్తికి 16, మందుకు 8, కొట్టాడుకు 12 వచ్చాయనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపడానికి నేను ఎంచుకున్నవి.

ఈ మార్కుల్ని వాటాలుగా మార్చేది సాఫ్ట్‌మాక్స్. ప్రతి మార్కునూ e అనే సంఖ్యకు, అంటే సుమారు 2.718కి ఘాతంగా వేసి, వచ్చినదాన్ని మొత్తంతో భాగిస్తుంది. అన్ని వాటాలూ కలిపితే 1 అవుతుంది. కిటుకంతా ఆ ఘాతంలోనే ఉంది. రెండు మార్కుల మధ్య తేడా 1 ఉంటే వాటాల మధ్య తేడా సుమారు 2.7 రెట్లు. మార్కుల తేడా 4 అయితే దాదాపు 55 రెట్లు, 12 అయితే లక్షా 60 వేల రెట్లు దాటుతుంది.

కాబట్టి 4, 16, 8, 12 అనే మార్కుల్ని ఉన్నవి ఉన్నట్టు సాఫ్ట్‌మాక్స్‌లో వేస్తే పత్తికి 98.2 శాతం పోతుంది. కొట్టాడుకు 1.8 శాతం మిగులుతుంది. రైతుకు దక్కేది 0.0006 శాతం. అదే మార్కుల్ని ముందు 8తో భాగించండి: 0.5, 2, 1, 1.5. ఇప్పుడు వాటాలు రైతుకు 10, పత్తికి 45.5, మందుకు 17, కొట్టాడుకు 27.5 శాతానికి కాస్త అటూఇటూ. పత్తిదే పైచేయి, అయినా మిగతావాళ్ల మాటా వినబడుతోంది. చివరికి ఈ వాటాల ప్రకారం నాలుగు వాల్యూలనూ కలిపితే వచ్చే వెక్టరే, ఈ వాక్యంలో మందు అనే మాటకు పుట్టే కొత్త రూపం.

పత్తే సరైన సమాధానం కదా, 98 శాతం దానికే ఇస్తే నష్టమేమిటి అని అడగవచ్చు. శిక్షణ మొదట్లో మాత్రికలన్నీ యాదృచ్ఛికమే అని గుర్తుంచుకోవాలి. అప్పుడు 16 మార్కులు పత్తికే వస్తాయన్న హామీ లేదు, రైతుకు కూడా రావచ్చు. అంటే ఏమీ నేర్చుకోకముందే మోడల్ ఏదో ఒక మాటను గుడ్డిగా పట్టుకుని కూర్చుంటుంది. ఆ పట్టు వదిలించడం కష్టం. మార్కును కాస్త కదిపితే వాటా ఎంత కదులుతుందన్నదాన్ని బట్టే సవరణ జరుగుతుంది. సాఫ్ట్‌మాక్స్‌లో ఆ కదలిక p(1−p), ఇక్కడ p అంటే వాటా. రైతు వాటా 0.1 అయితే కదలిక 0.09. వాటా 0.000006 అయితే కదలికా అంతే, దాదాపు సున్నా. 8తో భాగించినందుకు మొదటి కదలిక కూడా 8వ వంతుకు తగ్గుతుందనుకున్నా, రెండిటికీ ఇంకా 1,800 రెట్లకు పైగా తేడా ఉంది. రైతు మార్కు పెంచాలని తప్పు ఎంత మొత్తుకున్నా ఆ సంకేతం వెనక్కి చేరదు. 64 లాంటి పెద్ద పొడవుల దగ్గర మామూలు డాట్ ప్రాడక్ట్ వెనకబడటానికి కారణం ఇదేనని 2017 పత్రం అనుమానించింది, మందుగా ఈ భాగహారాన్ని రాసింది.

సరే, 8 ఎక్కడిది? 64కు వర్గమూలం. నేరుగా 64తోనే భాగించకూడదా? నాణేన్ని 64 సార్లు ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి కలిపి, బొరుసు పడితే ఒకటి తీసేస్తూ పోండి. మొత్తం 64కు చేరడం దాదాపు అసాధ్యం. ప్లస్సులూ మైనస్సులూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొత్తం సున్నా నుంచి సుమారు 8 దూరంలో తిరుగుతుంది. డాట్ ప్రాడక్ట్‌లో కూడేది కూడా ఇలాంటి 64 లబ్ధాల్నే. క్వెరీలోనూ కీలోనూ ఉన్న అంకెలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, సగటు 0, వేరియన్స్ 1గా ఉన్నాయనుకుంటే ఒక్కో లబ్ధం వేరియన్స్ కూడా 1. 64 కలిస్తే వేరియన్స్ 64, అంటే మార్కుల మామూలు పరిమాణం √64, అదే 8. దానితో భాగిస్తే వెక్టర్ పొడవు ఎంతైనా మార్కులు 1 చుట్టుపక్కలకు వస్తాయి. 64తో భాగించి చూస్తే వాటాలు వరుసగా 23, 27, 24, 26 శాతం. ఎవరికీ పెద్దగా మొగ్గు లేదు. పత్తి ఏదో పండగ ఏదో తేలని చప్పటి మిశ్రమం మిగులుతుంది.

కోడులో ఇదంతా మూడు వరుసలు:

```python
scores = Q @ K.transpose(-2, -1) / math.sqrt(d_k)
weights = scores.softmax(dim=-1)
output = weights @ V
```

ఇక్కడ జరిగే పొరపాట్లు ఎర్రర్ చూపించవు. అందుకే అవి చాలాకాలం దాగి ఉంటాయి. భాగహారం మరిచిపోయినా ప్రోగ్రాము నడుస్తుంది. 64 బదులు పూర్తి పొడవైన 512కు వర్గమూలం తీసినా నడుస్తుంది, కాకపోతే 8 బదులు 22.6తో భాగించినట్టవుతుంది. పైటార్చ్‌లోని `scaled_dot_product_attention` ఈ భాగహారాన్ని తనే చేస్తుంది. అది తెలియక ముందే ఒకసారి భాగించి ఇస్తే రెండుసార్లు భాగించినట్టే. కనిపెట్టే దారి ఒకటుంది. శిక్షణ మొదలుకాకముందే కొన్ని వాక్యాలు పంపి `weights`ను ప్రింట్ చేసి చూడాలి. ప్రతి వరుసలో ఒకే అంకె 1కి అంటుకుని ఉంటే భాగహారం లేదని అనుమానించాలి. అంకెలన్నీ అచ్చంగా సమానంగా ఉంటే ఎక్కువైందేమో చూడాలి.

మన వాక్యం గురించి ఇంకో మాట. మందు అనే మాట పక్కనున్న కొట్టాడును చూసిందని పైన లెక్క వేశాను. వాక్యం మొత్తాన్ని ఒకేసారి చదివే మోడల్‌లోనే అది సాధ్యం. ఒక్కో మాటే రాసుకుంటూ పోయే మోడళ్లలో ఏ మాటా తన తర్వాతి మాటను చూడకూడదు. అక్కడి మార్కును సాఫ్ట్‌మాక్స్‌కు ముందే మైనస్ అనంతం చేసేస్తారు, వాటా సున్నా అవుతుంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి మందుకు కొట్టాడు కనబడదు. కొట్టాడుకు మాత్రం వెనకున్న మూడూ కనబడతాయి. కొట్టడమంటే చల్లడమా తాగడమా అన్నది పత్తి, మందు రెండూ కలిసి అక్కడ తేలుస్తాయి.

ఈ వర్గమూలానికి ఒక హద్దు ఉంది. సగటు 0, వేరియన్స్ 1 అన్న ఊహ శిక్షణ మొదలయ్యే వేళకే సరిపోతుంది. ఆ తర్వాత మాత్రికలు మారుతూ పోతాయి, క్వెరీలూ కీలూ పెరిగి పెద్దవి కావచ్చు. స్థిరమైన 8 వాటిని ఆపలేదు. 2023లో గూగుల్ పరిశోధకులు 2,200 కోట్ల పరామీటర్లతో చిత్రాల్ని గుర్తించే ట్రాన్స్‌ఫార్మర్‌ను తయారు చేస్తున్నప్పుడు సరిగ్గా ఇదే ఎదురైంది. దానికన్నా చిన్నదైన 800 కోట్ల దశలోనే మార్కులు అదుపు తప్పి పెరిగాయి. వాటాలు ఒకే చోట గడ్డకట్టి శిక్షణ చెదిరిపోయింది. దాంతో వాళ్లు డాట్ ప్రాడక్ట్ చేయకముందే క్వెరీలనూ కీలనూ విడివిడిగా నార్మలైజ్ చేశారు, అంటే లెక్క వేసిన ప్రతిసారీ వాటి పరిమాణాన్ని తిరిగి ఒక కొలతకు తెచ్చారు. క్యూకే నార్మలైజేషన్ అనే ఈ పద్ధతి ఆ తర్వాత వచ్చిన కొన్ని పెద్ద భాషా మోడళ్లలోకీ చేరింది.