ఉద్యోగం పోతోందని చెప్పే ఈమెయిల్

కొన్నేళ్ల కిందట మా తమ్ముడు తన కంపెనీ పంపిన ఈమెయిల్‌ను ఫోన్‌లో చదివి వినిపించాడు. ‘పునర్వ్యవస్థీకరణ’, ‘కొత్త దిశ’ అంటూ రెండు పేజీలు సాగింది. అంతా చదివి, “ఇంతకీ నా ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా, అక్కా?” అనడిగాడు. నేనేం చెప్పగలను?

అప్పటినుంచీ ఇలాంటి ఉత్తరాలు కనపడితే వదలకుండా చదువుతున్నాను. వాటిలో 2020 మే 5న ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయన్ చెస్కీ తన సిబ్బందికి రాసింది నాకు బాగా గుర్తుండిపోయింది. కరోనాతో ప్రయాణాలు ఆగి, ఇళ్లు అద్దెకిప్పించే ఆ కంపెనీ కుదేలైన రోజులవి. సిబ్బందిని తగ్గిస్తున్నామని ఆయన మొదట్లోనే చెప్పేశాడు. ఆ ఏడాది రాబడి 2019లో వచ్చినదాంట్లో సగం కూడా ఉండదని, ప్రయాణాలు మళ్లీ ఎప్పుడు మొదలవుతాయో తనకు తెలియదని రాశాడు. 7,500 మందిలో దాదాపు 1,900 మంది వెళ్లిపోవాల్సి ఉంటుందన్నాడు. ఏయే పనులు ఆపేస్తున్నారో, ఏవి తగ్గిస్తున్నారో కూడా పేర్లతో చెప్పాడు.

2014 జులైలో మైక్రోసాఫ్ట్‌లో నోకియా ఫోన్ల విభాగం నుంచి 12,500 ఉద్యోగాలు తీసేసినప్పుడు స్టీఫెన్ ఇలాప్ పంపిన ఉత్తరం ఇందుకు పూర్తిగా భిన్నం. సరదా పలకరింపుతో మొదలై, ఫోన్ల వ్యూహం గురించి పేరాలకు పేరాలు నడిచాక గానీ ఆ అంకె రాలేదు. గుండె దడతో చదివేవాణ్ణి అంతసేపు నిలబెట్టడం క్రూరత్వమే.

చెస్కీ ఉత్తరంలో సానుభూతి లెక్కల్లో కనిపిస్తుంది. అమెరికాలో 14 వారాల మూలవేతనం, పనిచేసిన ప్రతి ఏడాదికీ మరో వారం. అంటే మూడేళ్లు చేసిన మనిషికి 17 వారాలు. అక్కడ ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది, పైగా అది కరోనా కాలం. అందుకే అమెరికాలో బీమాను 12 నెలలు కొనసాగించారు. కంపెనీ షేర్లు చేతికి రావాలంటే ఏడాది నిండాలన్న నిబంధన ఉండేది. ఎనిమిది నెలల కిందట చేరినవాళ్లు వట్టి చేతులతో పోకుండా దాన్నీ ఎత్తేశారు. కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి కాబట్టి ల్యాప్‌టాప్ కూడా ఉంచుకోమన్నారు.

నన్ను బాధపెట్టే చోటు ఒకటుంది. ఉత్తరం అందరికీ ఒకేసారి వెళ్లింది. పోయేది ఎవరో అందులో లేదు. వెళ్లాల్సినవాళ్లకు అమెరికా, కెనడాల్లో కొన్ని గంటల్లో సమావేశానికి పిలుపు వస్తుందన్నారు. అందాకా 7,500 మందీ ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చోవాల్సిందే. అయితే ఆ నిరీక్షణ ఎప్పుడు ముగుస్తుందో చెప్పారు. చివరి పనిదినం మే 11, సోమవారం. తోటివాళ్లకు వీడ్కోలు చెప్పుకోవడానికి ఆ నాలుగు రోజులూ ఉండాలనే ఆ తేదీ పెట్టామని రాశారు. చాలా కంపెనీల్లో ఆ మెయిల్ చదువుతుండగానే పాస్‌వర్డ్ పనిచేయడం మానేస్తుంది.

ఉత్తరం చివర వెళ్లిపోతున్నవాళ్లకు ఆయన క్షమాపణ చెప్పి, ఇది మీ తప్పు కాదని రాశాడు. మా తమ్ముడికి వచ్చిన రెండు పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు.