26 డిగ్రీల్లో చల్లటి ఆఫీసు

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఒక భవనానికి రెండు రకాల ఏసీ పెట్టారు. ఒక సగానికి మామూలు చల్లగాలి. రెండో సగానికి పైకప్పు శ్లాబులోనే గొట్టాలు పరిచి, వాటిలో చల్లని నీరు పారించారు. దీన్నే రేడియంట్ కూలింగ్ అంటారు. 2011లో భవనం వాడకంలోకి వచ్చాక తొలి ఏడాది లెక్క తీస్తే, చల్లదనం కోసం రెండో సగం 34 శాతం తక్కువ కరెంటు వాడినట్టు తేలింది.

ఇలాంటి ఆఫీసుల్లో గాలిని 26 డిగ్రీల దాకా వెచ్చగా వదిలేయవచ్చు. మరి ఉద్యోగులకు ఉక్కపోయదా?

మే నెలలో డాబా ఇంట్లో పడుకున్నవారికి జవాబు సగం తెలుసు. బయట గాలి చల్లబడినా, ఎండకు కాగిన శ్లాబు రాత్రంతా సెగ కక్కుతూనే ఉంటుంది. ఒంటికి గాలి వేడి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడలు, కప్పు, అద్దాల వేడి కూడా తగులుతుంది. కప్పు చల్లగా ఉంటే ఇదే తిరగబడి, ఒంటి వేడి కప్పువైపు పోతుంది.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో వెలువరించిన లెక్క దీన్ని అంకెల్లో పెడుతుంది. పేరు ప్రిడిక్టెడ్ మీన్ వోట్, పొట్టిగా పీఎంవీ. గాలి వేడి, చుట్టూ ఉన్న తలాల సగటు వేడి, గాలి వేగం, తేమ, వేసుకున్న బట్టలు, చేస్తున్న పని అనే ఆరింటిని కలిపి, ఎక్కువమంది ఎలా ఉందంటారో ముందే అంచనా వేస్తుంది. సున్నా అంటే హాయి. మైనస్ 3 గడ్డకట్టే చలి కాదు, ‘బాగా చలిగా ఉంది’ అనే మాట. ప్లస్ 3 ‘బాగా వేడిగా ఉంది’ అనే మాట.

ఒక లెక్క చూద్దాం. పల్చటి బట్టల్లో కూర్చుని పనిచేసే ఉద్యోగి. గాలి 26, కప్పు 18, మిగతా గోడలు, నేల 25 డిగ్రీలు. ఒంటికి ఎదురయ్యే తలాల్లో కప్పు వాటా సుమారు మూడు పదోవంతులు అనుకుంటే, తలాల సగటు 23కి దగ్గరగా వస్తుంది. గాలి కదలిక తక్కువ కాబట్టి గాలికీ తలాలకూ మధ్య సగటు తీస్తే 24.5. పీఎంవీ దాదాపు సున్నా.

అదే మనిషిని ఎండ కొట్టే కిటికీ పక్కన కూర్చోబెట్టండి. 40 డిగ్రీలకు కాగిన అద్దం అతని చుట్టూ ఐదోవంతు ఆక్రమిస్తే తలాల సగటు 26కి ఎగబాకుతుంది, పీఎంవీ 0.5 దగ్గరకు చేరుతుంది. అంటే పదిమందిలో ఒకరికి అసంతృప్తి. ఎండ నేరుగా ఒంటిమీద పడితే ఇంకా ఎక్కువ. గోడకున్న థర్మోస్టాట్ మాత్రం రెండుచోట్లా 26 అనే చూపిస్తుంది. అందుకే కొలిచేవారు నల్లరంగు పూసిన బోలు గోళంలో థర్మామీటర్ పెట్టి, కూర్చున్నవారి నడుము ఎత్తులో ఉంచి, అంకె నిలకడకు వచ్చేదాకా ఆగి చూస్తారు.

కప్పును ఇంకా చల్లబరిస్తే సరిపోదా? కుదరదు. 26 డిగ్రీల గాలిలో తేమ 70 శాతానికి చేరితే 20 డిగ్రీల తలం మీదే నీరు పడుతుంది. 18 డిగ్రీల కప్పు చెమ్మగిల్లి చుక్కలు రాలుస్తుంది. తేమ తీసిన తాజా గాలి విడిగా అందాల్సిందే.

పీఎంవీ గుంపు సగటు మాత్రమే. సున్నా వచ్చినా వందలో ఐదుగురికి నచ్చదని ఫాంగర్ లెక్కే చెబుతుంది. కిటికీ పక్క ఉద్యోగి ఉక్కగా ఉందంటే ఆఫీసంతటికీ గాలిని చల్లబరచడం తప్పు వైద్యం. ముందు అతని కుర్చీ దగ్గర గోళం పెట్టి కొలవాలి, అద్దానికి బయటివైపు నీడ కట్టాలి.